చేతికి ఒక్క కర్వ్ చాలు: పెన్ టాబ్లెట్‌లో ప్రెషర్, టిల్ట్ సర్దుకునే పద్ధతి

పెన్ టాబ్లెట్ మీద గీత చేతికి లొంగడం లేదంటే చాలామంది చేసే పని ఒకటే. డ్రైవర్ తెరిచి Tip Feel స్లైడర్‌ను కాస్త మెత్తగా జరుపుతారు. అది చాలలేదనిపిస్తే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ప్రెషర్ సెట్టింగ్‌కి వెళ్లి అక్కడా మెత్తగా చేస్తారు. చివరికి బ్రష్ సెట్టింగుల్లో సైజు కర్వ్‌ను కూడా పైకి లాగుతారు. మూడు చోట్లా చేసింది చిన్న మార్పే. కానీ ఆ మూడూ కర్వ్‌లే, అంటే లోపలికొచ్చిన ప్రెషర్‌ను ఎంత చేసి బయటికి పంపాలో చెప్పే గ్రాఫులే, అవి ఒకదాని మీద ఒకటి పనిచేస్తాయి. మొదటి కర్వ్ నుంచి బయటికొచ్చిన అంకె రెండో కర్వ్‌లోకి, అక్కడి నుంచి మూడో కర్వ్‌లోకి వెళ్తుంది. గీత చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

లెక్కేసి చూద్దాం. మూడు చోట్లా ఒకే మోతాదులో మెత్తబరిచారనీ, ప్రతి కర్వ్ లోపలికొచ్చిన విలువను 0.6 ఘాతానికి పెంచుతుందనీ అనుకుందాం. పెన్ను 10 శాతం ప్రెషర్ పంపితే మొదటి కర్వ్ దాన్ని 25 శాతం చేస్తుంది. రెండోది ఆ 25ని 44 చేస్తుంది. మూడోది 61కి చేరుస్తుంది. అంటే ఈకలా తాకించినా బ్రష్ సగానికి పైగా వెడల్పుతో పడుతుంది. మరి 50 శాతం నొక్కితే? 86. చెయ్యి పెట్టే బలం అయిదు రెట్లు పెరిగితే గీత వెడల్పు ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు. సన్నం నుంచి లావుకి సాగాల్సిన గీత మొదటి మిల్లీమీటర్‌లోనే లావెక్కి, తర్వాత అలాగే ఉండిపోతుంది. "నా టాబ్లెట్‌లో టేపర్ రావడం లేదు" అనే ఫిర్యాదుకి తరచుగా మూలం ఇదే. అందులో టాబ్లెట్ తప్పేమీ ఉండదు.

అందుకే నా వాదన ఇది. చేతి బలాన్ని సరిదిద్దే కర్వ్ ఒక్కచోటే ఉండాలి. మిగతా రెండింటిలో ఒకటి తిన్నని గీతగా మిగలాలి. బ్రష్ కర్వ్ మాత్రం చేతి కోసం కాకుండా, ఆ బ్రష్ వేసే గుర్తు స్వభావం కోసం మాత్రమే వాడాలి.

ఆ ఒక్కచోటు ఏది కావాలన్నది మీరు వాడే సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. మీ పనంతా క్రితలోనో క్లిప్ స్టూడియో పెయింట్‌లోనో జరుగుతుంటే సాఫ్ట్‌వేర్‌లోని గ్లోబల్ కర్వ్ మేలు. క్రితలో అది Settings > Configure Krita > Tablet settings లో ఉంటుంది. క్లిప్ స్టూడియోలో Pen Pressure Settings పేరుతో ఉంటుంది, మీ చేత కొన్ని గీతలు గీయించుకుని కర్వ్ తనే కడుతుంది. ఫోటోషాప్‌లో ఇలా అన్ని బ్రష్‌లకూ వర్తించే కర్వ్ లేదు. అందులో పనిచేసేవాళ్లు, లేదా రెండు మూడు సాఫ్ట్‌వేర్ల మధ్య తిరిగేవాళ్లు డ్రైవర్‌లోనే సర్దుకోవాలి. అప్పుడు క్రితలోని గ్లోబల్ కర్వ్‌ను ఈ మూల నుంచి ఆ మూలకి తిన్నగా వదిలేయాలి. రెండింట్లో ఏది ఎంచుకున్నా సరే, రెండూ కలిపి మాత్రం వద్దు.

ముందు అన్నింటినీ మొదటి స్థితికి తెచ్చుకోండి. డ్రైవర్‌లో డిఫాల్ట్, సాఫ్ట్‌వేర్‌లో తిన్నని గీత. లైనక్స్‌లో ఎక్స్11 మీద వాకామ్ డ్రైవర్ వాడేవాళ్లకి ఇది రెండు ఆదేశాల పని. మొదటిది చూపించిన పేరును రెండోదాంట్లో పెట్టాలి:

```
xsetwacom --list devices
xsetwacom --set "PEN_NAME" PressureCurve 0 0 100 100
```

ఆ నాలుగు అంకెలు రెండు కంట్రోల్ పాయింట్ల స్థానాలు. 0 0 100 100 అంటే తిన్నని గీత. వేలాండ్‌లో ఈ ఆదేశం పనిచేయదు, అక్కడ డెస్క్‌టాప్ సొంత సెట్టింగుల్లోనే మార్చుకోవాలి. విండోస్‌లో ఇంకో చిక్కు ఉంది. డ్రైవర్‌లో ఎంత మార్చినా గీతలో తేడా రాకపోతే, సాఫ్ట్‌వేర్ వింటాబ్ దారిలో వింటోందా, విండోస్ ఇంక్ దారిలో వింటోందా చూడండి. క్రితలో ఈ రెండూ WinTab, Windows 8+ Pointer Input అని కనిపిస్తాయి. ఒకటి మార్చి క్రితను మూసి తెరిచి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక కొలత. కర్వ్‌ను కంటితో చూసి లాగేవాళ్లు గంటలు పోగొట్టుకుంటారు. నిజానికి కావలసినవి మూడే అంకెలు. క్రిత టాబ్లెట్ సెట్టింగుల్లోంచి తెరుచుకునే Tablet Tester లో గీస్తుంటే ప్రెషర్ శాతంలో కనిపిస్తుంది. లైనక్స్‌లో libinput debug-tablet కూడా ఇదే చూపిస్తుంది. ముందు పది నిమిషాలు ఏదో ఒకటి గీసి చెయ్యి వదులు చేసుకోండి, ఎందుకంటే బిగుసుకున్న చెయ్యి ఎక్కువ నొక్కుతుంది. తర్వాత మీకు సాధ్యమైనంత తేలిగ్గా పది గీతలు, మామూలుగా స్కెచ్ వేసేటట్టు పది గీతలు, వేళ్లు నొప్పి పెట్టనంత గట్టిగా పది గీతలు గీయండి. ఒక్కో పదిలో ఎక్కువసార్లు కనిపించిన అంకె రాసుకోండి. ఒక గీతలో అంకె ఎగిరిపడితే పట్టించుకోవద్దు.

ఒక చేతికి వచ్చిన అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం: తేలిక గీత 3, మామూలు గీత 18, గట్టి గీత 55 శాతం. ఈ మూడు అంకెల్లోనే సమస్య కనిపిస్తోంది. తిన్నని కర్వ్‌తో 40 పిక్సెళ్ల బ్రష్ వాడితే ఈ చేతి మామూలు గీత 7 పిక్సెళ్లు పడుతుంది. పూర్తి వెడల్పు కావాలంటే చెయ్యి నొప్పి పుట్టేంత నొక్కాలి. పెన్ను పంపగల పరిధిలో పైన దాదాపు సగం ఈ చేతికి నొప్పి లేకుండా అందదు.

మామూలు గీత ఎక్కడ పడాలి? చాలామంది దాన్ని మధ్యలోకి, అంటే 50కో 60కో తేవాలనుకుంటారు. నేను 40 దగ్గర ఆగమంటాను. కారణం వాలు. కర్వ్ ఎంత నిటారుగా లేస్తే చేతి వణుకూ సెన్సర్ ఊగిసలాటా అంతగా పెద్దవవుతాయి. తేలిక గీతను 5కి, మామూలు గీతను 40కి తీసుకెళ్తే, 15 శాతం ప్రయాణంలో 35 శాతం ఎక్కాలి. వాలు సుమారు 2.3. ప్రెషర్ ఒక్క శాతం వణికితే 40 పిక్సెళ్ల బ్రష్ వెడల్పు 0.9 పిక్సెల్ మారుతుంది. అదే మామూలు గీతను 60కి తీసుకెళ్తే వాలు 3.7, వెడల్పులో మార్పు ఒకటిన్నర పిక్సెల్. మెల్లగా లాగిన పొడవాటి గీతలో ఆ తేడా అంచు మీద పూసల్లా కనిపిస్తుంది. స్టెబిలైజర్ ఈ వణుకును పూర్తిగా తీయలేదు. అది ప్రధానంగా పెన్ను నడిచిన దారిని నున్నగా చేస్తుంది, వెడల్పులోని వణుకు చాలావరకు అలాగే ఉంటుంది.

పై చివర కూడా అంతే జాగ్రత్తగా పెట్టాలి. 55 శాతాన్ని సూటిగా 100కి తగిలిస్తే గట్టి గీతలన్నీ ఒకే వెడల్పుకి కొట్టుకుని చదునైపోతాయి. దాన్ని 95కి తెచ్చి, 75 దగ్గర 100 చేయడం మేలు. గట్టి గీతలో కూడా ఇంకొంచెం నొక్కడానికి చోటు మిగులుతుంది. అంటే ఈ చేతి కర్వ్‌లో పాయింట్లు నాలుగు: 3 దగ్గర 5, 18 దగ్గర 40, 55 దగ్గర 95, 75 దగ్గర 100. క్రితలో గ్రాఫు మీద నొక్కితే కొత్త పాయింటు పడుతుంది, పాయింట్ల మధ్య గీత వంపు తిరుగుతూ సాగుతుంది. ఆ వంపు ఎక్కడైనా వెనక్కి దిగితే, నొక్కుతున్నకొద్దీ గీత సన్నబడే చోటు ఒకటి పుడుతుంది. అక్కడి పాయింటును కాస్త జరిపి, గీత ఎప్పుడూ పైకే వెళ్లేలా చూడండి.

సరిపోయిందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష చాలు. మూడు సెకన్లలో ఏమీ లేని దగ్గర నుంచి పూర్తి బలానికి నెమ్మదిగా నొక్కుతూ ఒక పొడవాటి గీత గీయండి, తర్వాత అదే వేగంతో తగ్గిస్తూ ఇంకొకటి. గీత త్రికోణంలా సమానంగా విచ్చుకోవాలి. మొదట్లోనే ఉబ్బి ఆగిపోతే మామూలు గీత పాయింటు ఎక్కువ పైన ఉంది. చివరి పావు వంతులో హఠాత్తుగా లావెక్కితే అది తక్కువలో ఉంది. చివర చాలాదూరం సమాంతరంగా సాగితే పై చివర తొందరగా మూసేశారు.

గీత మొదలు మొద్దుగా పడడం మాత్రం వేరే జబ్బు. ప్రెషర్ ఎంత దాటితే తాకినట్టు లెక్కించాలో డ్రైవర్‌లో ఒక హద్దు ఉంటుంది, దాన్ని క్లిక్ థ్రెషోల్డ్ అంటారు. అది 5 శాతం దగ్గర ఉందనీ, మీ కర్వ్ పైన చెప్పిన 0.6 ఘాతం లాంటిదనీ అనుకోండి. మొదట లెక్కలోకి వచ్చే 5 శాతం కర్వ్ దాటేసరికి 17 అవుతుంది. 40 పిక్సెళ్ల బ్రష్ ఏకంగా దాదాపు 7 పిక్సెళ్లతో మొదలవుతుంది, సూదిమొన ఎప్పటికీ రాదు. హద్దును వీలైనంత కిందికి తేవాలి. అయితే మరీ తగ్గిస్తే పెన్ను ఆనకుండానే చుక్కలు పడతాయి, గీత ఎత్తేటప్పుడు చివర చిన్న కొక్కెం వస్తుంది. ఆ కొక్కెం కనిపించిన చోటు నుంచి ఒక్క మెట్టు పైకి జరిపి ఆపేయండి.

పెట్టెల మీద రాసే 8192 స్థాయిల సంగతి ఇక్కడే తేల్చుకోవచ్చు. కర్వ్ వాలు 4 ఉన్నా అక్కడ మిగిలేవి 2048 స్థాయిలకు సమానమైన మెట్లు. 40 పిక్సెళ్ల గీతలో వాటి మధ్య తేడా కంటికి అందదు. గీతను నిర్ణయించేది పెన్ను ఎంత తక్కువ బలానికి మేలుకుంటుంది, ఎంత బలం దగ్గర నిండిపోతుంది అన్నవి. అందులో మొదటిదాన్ని ఏ కర్వూ బాగుచేయలేదు. సెన్సర్ గుర్తించని స్పర్శ కర్వ్‌లోకి రానే రాదు కదా.

ఇప్పుడు బ్రష్ కర్వ్‌ల దగ్గరికి వద్దాం. సైజు కర్వ్‌ను దాదాపు తిన్నగా ఉంచవచ్చు. ఫ్లో కర్వ్‌కి అది కుదరదు. బ్రష్ గీత అనేది దగ్గర దగ్గరగా వేసిన ముద్రల వరుస. ముద్రల మధ్య దూరం బ్రష్ వెడల్పులో పదో వంతు ఉంటే, గీత నడుమ ఒక్కో చోట సుమారు పది ముద్రలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక్కో ముద్ర 5 శాతం రంగు వేస్తే పది కలిసి 40 శాతం అవుతాయి. 10 శాతమైతే 65. 20 శాతమైతే 89. 30 శాతానికే 97. అంటే ఫ్లో మూడో వంతు దాటాక నొక్కినా నొక్కకపోయినా రంగు ఒక్కటే. తిన్నని ఫ్లో కర్వ్ మెత్తని కర్వ్‌లా ప్రవర్తించేది ఇందుకే. ఫ్లో కర్వ్‌ను నడుమ బాగా కిందికి లాగాలి: సగం ప్రెషర్‌కి 6 నుంచి 8 శాతం, పూర్తి ప్రెషర్‌కి 30 శాతం చాలు. ముద్రల దూరం మార్చారంటే ఈ అంకెలు మళ్లీ చూసుకోవాలి. దీన్ని చేతి దోషమనుకుని గ్లోబల్ కర్వ్‌ను గట్టిపరిచేవాళ్లు ఇంకింగ్ బ్రష్‌ను అనవసరంగా పాడుచేసుకుంటారు.

టిల్ట్ విషయంలో ఈ పొరపాటే ఇంకాస్త మాటుగా జరుగుతుంది. పెన్ను వాల్చి షేడింగ్ చేస్తే రంగు పలచగా పడుతుంది. దాంతో మళ్లీ ప్రెషర్ కర్వ్ మెత్తబరచాలనిపిస్తుంది. పలచబడడానికి కారణం మాత్రం పెన్ను లోపల ఉంది. ప్రెషర్ సెన్సర్ నిబ్ వెనకాల, పెన్ను పొడవునా వచ్చే బలాన్ని కొలుస్తుంది. పలక మీద నిలువుగా పడే బలాన్ని కాదు. మీరు కిందికి 100 గ్రాముల బలం పెట్టారనుకోండి. పెన్ను నిటారుగా ఉంటే మొత్తం 100 సెన్సర్‌కి చేరుతుంది. పలకతో 60 డిగ్రీల కోణంలో, అంటే రాసేటట్టు పట్టుకుంటే 87 చేరుతుంది. 30 డిగ్రీలకి వాలిస్తే 50. అదే చెయ్యి, అదే బలం, అయినా మామూలు పట్టు నుంచి షేడింగ్ పట్టుకి మారగానే ప్రెషర్ అంకె 40 శాతానికి పైగా పడిపోతుంది.

దానికి రాపిడి తోడవుతుంది. నిబ్‌ను మొన ముందుకు తోస్తే రాపిడి దాన్ని పెన్ను లోపలికి నెడుతుంది, చేతివైపు లాగితే బయటికి లాగుతుంది. రాపిడి గుణకం 0.2 అనుకుంటే, 30 డిగ్రీల వాలులో పైన చెప్పిన 50 కాస్తా తోసేటప్పుడు 67, లాగేటప్పుడు 33 అవుతుంది. ముందుకీ వెనక్కీ షేడ్ చేస్తే ఒక గీత ముదురు, ఒక గీత లేత అయ్యేది ఇందువల్ల. గరుకు పలక మీద, ఫెల్ట్ నిబ్‌తో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పెన్ను వాలిన దిశకి అడ్డంగా షేడ్ చేస్తే చాలావరకు పోతుంది. మిగిలినదాన్ని షేడింగ్ బ్రష్‌లోనే సరిదిద్దాలి. ఆ బ్రష్ ఒపాసిటీ కర్వ్ ఎడమ చివరను సున్నా దగ్గర కాకుండా 30 దగ్గర మొదలుపెట్టి, కుడి చివరను 100 దగ్గరే ఉంచండి. ప్రెషర్ ఊగిసలాట రంగు మీద 30 శాతం తగ్గుతుంది. గ్లోబల్ కర్వ్‌ను ముట్టుకోవద్దు, అది మామూలు పట్టులో కొలిచి కట్టినది.

టిల్ట్ కర్వ్‌కి కావలసిన కొలతలు రెండే: మీరు మామూలుగా గీసేటప్పుడు పెన్ను కోణం, షేడింగ్ చేసేటప్పుడు కోణం. ఎవరి చేతనైనా పక్క నుంచి, పలక ఎత్తులో ఫోటో తీయించి కోణమానినితో కొలిస్తే సరిపోతుంది. మామూలు పట్టు 55 నుంచి 65 మధ్య, షేడింగ్ పట్టు 30 నుంచి 35 మధ్య వచ్చాయనుకుందాం. చాలా టాబ్లెట్లు నిలువు నుంచి 60 డిగ్రీల వరకే టిల్ట్ చెబుతాయి, అంటే పలక నుంచి 30 డిగ్రీల కిందికి వాల్చినా అంకె మారదు. 55 పైన మీరు మామూలుగా గీస్తారు కాబట్టి అక్కడ బ్రష్ మారకూడదు. ఇక బ్రష్ మారడానికి మిగిలింది 50 నుంచి 35 వరకు, కేవలం 15 డిగ్రీలు. 55కి, 50కి నడుమ అయిదు డిగ్రీలు వదిలేది పట్టు కాస్త జారినా గీత మారకుండా ఉండడానికి. చాలా బ్రష్‌లతో వచ్చే టిల్ట్ కర్వ్ మొత్తం పరిధి మీద తిన్నగా పరుచుకుని ఉంటుంది. అందుకే మణికట్టు తిరిగినప్పుడల్లా మామూలు గీత కూడా లావెక్కుతూ తగ్గుతూ ఉంటుంది. వంపు గీతల్లో, ముఖ్యంగా వృత్తాల్లో ఇది బాగా బయటపడుతుంది.

కర్వ్ ఆకారం ఇలా ఉండాలి: నిలువు వైపు చదును, నడుమ ఒక మెట్టు లాంటి ఎక్కుడు, వాలు చివర మళ్లీ చదును. గ్రాఫులో నిలువు ఏ చివర ఉందో ముందు తెలుసుకోండి. క్రితలో టిల్ట్ ఎలివేషన్‌కి కుడి చివర నిలువు, ఎడమ చివర వాలు. గ్రాఫు అంకెల్ని డిగ్రీలుగా చదవకండి. మీ షేడింగ్ పట్టులో గీస్తూ పాయింటును జరిపి, బ్రష్ పూర్తిగా విచ్చుకునే చోటు చేత్తోనే వెతకండి. మెట్టును మరీ నిటారు చేస్తే గీత మధ్యలో బ్రష్ రెండు వెడల్పుల మధ్య గెంతుతుంది. పెన్సిల్ పక్కకు వాలినట్టు ఉండాలంటే వెడల్పు 4 నుంచి 6 రెట్లు పెరిగి, ఒపాసిటీ సగానికి తగ్గితే నా కంటికి సహజంగా ఉంటుంది.

టిల్ట్ దిశతో బ్రష్‌ను తిప్పే సెట్టింగు అన్నింటికన్నా ఎక్కువ మోసం చేస్తుంది. టాబ్లెట్ పంపేవి రెండు కోణాలు, అడ్డం టిల్టు, నిలువు టిల్టు. దిశను ఆ రెండింటి నిష్పత్తి నుంచి లెక్కిస్తారు. పెన్ను దాదాపు నిటారుగా ఉండి అవి 2, 1 అయితే దిశ 27 డిగ్రీలు. ఒక్కో డిగ్రీ వణికి 1, 2 అయితే దిశ 63. చెయ్యి కదలకుండానే బ్రష్ 37 డిగ్రీలు గిర్రున తిరిగింది. అదే 40, 30 దగ్గర ఆ వణుకు దిశను రెండు డిగ్రీలు కూడా మార్చదు. కాలిగ్రఫీ బ్రష్ కొన్నిసార్లు పిచ్చిగా తిరిగి, కొన్నిసార్లు బాగా పనిచేయడానికి కారణం ఇదే. ఆ బ్రష్ వాడేటప్పుడు పెన్ను వాల్చే పట్టుకోవాలి. నిటారు పట్టు అలవాటున్నవాళ్లు దిశను ఆపేసి, గీత పోయే దిశను బట్టి తిరిగే సెట్టింగు వాడుకోవడం మంచిది.

అన్నీ కుదిరాక కర్వ్ పాయింట్లను ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. డ్రైవర్ కొత్త వెర్షన్ వేసినప్పుడు సెట్టింగులు చెరిగిపోవచ్చు. నిబ్ మార్చినప్పుడు, పలక మీద కొత్త పొర అంటించినప్పుడు తేలిక గీత అంకెను మాత్రం మళ్లీ కొలవండి. 3 ఉన్నది 5 అయితే మొదటి పాయింటును అంతే జరిపితే చాలు, మిగతా కర్వ్‌ను కదిలించక్కర్లేదు.